తలనొప్పి కళ్ల వల్లా, మైగ్రేనా? వేళను బట్టి పోల్చుకోవడం ఎలా

నెలలో నాలుగైదు సార్లు తలనొప్పి వస్తోందంటే ఇంట్లో వినిపించే మొదటి మాట "సైట్ వచ్చిందేమో, ఒకసారి కళ్లు చూపించుకో" అని. సలహాలో తప్పేమీ లేదు, చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. కళ్లద్దాల షాపులో యంత్రంలోకి చూడమంటారు. పావు పవరో అర పవరో తేలుతుంది. కళ్లజోడు వస్తుంది, నొప్పి మాత్రం పోదు, ఎందుకంటే అది మైగ్రేన్. దీనికి ఎదురు దారిలో నడిచేవాళ్లూ ఉన్నారు. గోడ మీది చార్టును ఆఖరి వరస దాకా చదివేసి, "చూపు 6/6, కళ్లు బాగున్నాయి" అనిపించుకుని, ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగుతుంటారు. వీళ్లలో కొందరి తలనొప్పి నిజంగా కళ్ల నుంచే వస్తుంటుంది.

రెండు పొరపాట్లకూ మూలం దాదాపు ఒకటే. నొప్పి ఎక్కడుందో అందరూ చెబుతారు, డాక్టరూ ముందు అదే అడుగుతారు. ఎప్పుడు మొదలైంది, అప్పటికి కళ్లు ఎంతసేపటి నుంచి ఏ పని చేస్తున్నాయి, దేనితో తగ్గింది అన్నవి మాత్రం సరిగ్గా గుర్తుండవు. కంటి శ్రమ తలనొప్పి, మైగ్రేన్, టెన్షన్ తలనొప్పి, ఈ మూడింటినీ వేరుచేసి చూపించేవి ఎక్కువగా ఆ వివరాలే.

నొప్పి ఉన్న చోటు ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది

కనుగుడ్డు, పై రెప్ప, నుదురు, మెదడును కప్పి ఉండే పొరలో చాలా భాగం, వీటన్నిటి నొప్పి కబురునూ ట్రైజెమినల్ అనే నరం పై శాఖే మోసుకెళ్తుంది. అందుకే మెదడు పొరల దగ్గర పుట్టిన మైగ్రేన్ నొప్పి కంటి వెనక పొడిచినట్టు తెలుస్తుంది. కంటిలోని కండరం అలసిపోతే నొప్పి కనుబొమల మీద, నుదుటి మీద కనిపిస్తుంది. మెడ పై భాగపు నరాల కబురు కూడా ఇదే నరానికి చెందిన కేంద్రానికి చేరుతుంది కాబట్టి మెడ బిగుసుకుపోయినా కంటి చుట్టూ లాగినట్టుంటుంది. "కన్ను గుడ్డు లాగేస్తోంది" అన్న మాటను బట్టి ఆ నొప్పి కంటిదని తేల్చలేం.

మైగ్రేన్ వచ్చినప్పుడు కొందరికి ఆ వైపు కంట్లో నీళ్లు కారతాయి, కన్ను ఎర్రబడుతుంది. వెలుతురు భరించలేరు. ఇవన్నీ కంటి జబ్బులాగే కనిపిస్తాయి. నొప్పి తగ్గాక కన్ను మామూలుగా ఉండటం, రెండు దాడుల మధ్య రోజులలో ఎంతసేపు చదివినా ఏమీ కాకపోవడం ఇక్కడ గమనించాల్సినవి.

మూడు నొప్పులు, మూడు వేళలు

కంటి శ్రమ వల్ల వచ్చే తలనొప్పికి పనితో ముడి ఉంటుంది. పొద్దున లేవగానే ఉండదు. చదవడమో, కుట్టుపనో, ఫోనో, లెక్కల పనో మొదలుపెట్టిన అరగంటకో రెండు గంటలకో నుదుటి మీద, కళ్ల చుట్టూ బరువుగా మొదలై మెల్లగా పెరుగుతుంది. సాధారణంగా రెండు వైపులా ఉంటుంది, మరీ తీవ్రంగా ఉండదు. పని ఆపి కళ్లు మూసుకుంటే అరగంటా గంటలో దిగిపోతుంది. కళ్లతో దగ్గర పని లేని ఆదివారం, పెళ్లికి వెళ్లిన రోజు, ప్రయాణంలో కిటికీలోంచి బయటకు చూస్తూ గడిపిన రోజు అసలు రాదు. అంతర్జాతీయ తలనొప్పి వర్గీకరణ కూడా దృష్టి దోషపు తలనొప్పికి ఈ ముడినే గుర్తుగా పెట్టింది: చూపు సరిగా అందని దూరంలో ఎక్కువసేపు పని చేస్తే పెరగాలి, లోపం సరిచేస్తే తగ్గాలి.

మైగ్రేన్‌కు ఆ ముడి ఉండదు. తెల్లవారుజామున నిద్రలోంచి లేపేయగలదు. మాత్ర వేసుకోకపోతే పెద్దవాళ్లలో 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. ఎక్కువ మందికి ఒక వైపు, నాడి కొట్టుకున్నట్టు ఉంటుంది. మెట్లెక్కినా, వంగి ఏదైనా తీసినా పెరుగుతుంది. వికారమో వాంతో తోడవుతుంది, లేదంటే వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేకుండా చేస్తాయి. చీకటి గదిలో తలుపులు వేసుకుని పడుకోవాలనిపించే నొప్పి ఇది. కళ్లజోడు లేకపోవడం వల్ల వచ్చే నొప్పిలో ఎవరూ టీవీ చప్పుడు తగ్గించమని బతిమాలరు. నిద్ర చాలకపోవడం, ఎండ, భోజనం ఆలస్యం, ఉపవాసం, నెలసరి, కొందరికి తలంటు పోసుకోవడం, ఇలా కళ్లతో సంబంధం లేనివి దాన్ని రేపుతాయి.

మైగ్రేన్ ఉన్న కొందరికి నొప్పికి ముందు చూపులో వింత కనిపిస్తుంది. ఒక చిన్న మెరుపు చుక్క మొదలై, అంచులు వంకర టింకరగా మెరుస్తూ, మెల్లగా పాకుతూ పెద్దదై, పావుగంటకో అరగంటకో తప్పుకుంటుంది. దీన్ని ఆరా అంటారు. ఇది మెదడు వెనక భాగంలో పుడుతుంది కాబట్టి ఏ కన్ను మూసినా రెండో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. దాని ఉనికి 5 నిమిషాల నుంచి గంట లోపు. మొదటిసారి వచ్చినప్పుడు కంటి డాక్టరుకు చూపించుకోవాల్సిందే. ఒక కంటికే కనిపించే మెరుపులు, కొత్తగా రాలే నల్ల చుక్కలు, కప్పేసే తెర కంటి వెనక పొర, అంటే రెటీనా, ఊడుతుండటం వల్ల కావచ్చు, దానికి అదే రోజు పరీక్ష కావాలి.

టెన్షన్ తలనొప్పిని కంటి నొప్పి నుంచి విడదీయడం అన్నిటికంటే కష్టం. తల చుట్టూ తువ్వాలు బిగించి కట్టినట్టు రెండు వైపులా నొక్కుతుంది, వాంతులుండవు, నడిచినా పెరగదు, సాయంత్రాలే ఎక్కువ. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి మెడా భుజాలూ బిగుస్తాయి, కళ్లూ అలుస్తాయి, ఏది దేనివల్లో తెలియదు. రెండు సంగతులు సాయపడతాయి. మెడ వెనక, కణతల దగ్గర, తల మీద వేళ్లతో నొక్కితే గట్టిగా నొప్పి తెలుస్తూ, కళ్లతో పని లేని రోజుల్లో కూడా నొప్పి వస్తుంటే అది టెన్షన్ వైపు మొగ్గుతుంది. చాలాసేపు దగ్గర పని చేసి తలెత్తి గోడ గడియారం వైపు చూసినప్పుడు మొదటి కొన్ని క్షణాలు మసకగా ఉండి తర్వాత స్పష్టమైతే, అది కళ్లు చేస్తున్న ఫిర్యాదు. దగ్గరకు బిగిసిన కండరం వెంటనే వదులు కాలేకపోతోందన్నమాట.

జ్ఞాపకం మీద ఆధారపడితే ఇవేవీ నిలవవు. మూడు నాలుగు వారాలు ఫోన్‌లోనో క్యాలెండర్ మీదో రోజుకొక వరుస రాసుకుంటే చాలు: నొప్పి ఎన్నింటికి మొదలైంది, అంతకు ముందు గంటలో ఏం పని, వాంతి గానీ వెలుతురు బాధ గానీ ఉందా, ఎన్నింటికి తగ్గింది, మాత్ర వేసుకున్నారా. నొప్పి లేని సెలవు రోజునూ రాయాలి. నొప్పి వచ్చిన రోజు సంగతి అందరూ చెప్పగలరు, రాని రోజున కళ్లు ఏం చేశాయో ఈ కాగితమే చెబుతుంది. మాత్రల లెక్క ఇంకో పనికీ వస్తుంది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లు గానీ రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గానీ 10 రోజులు, లేక అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడుతుంటే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తేగలవు. అప్పుడు కంటి నొప్పో మైగ్రేనో తేల్చడం ఇంకా కష్టమవుతుంది.

చార్టు చదివే కళ్లకు నొప్పి ఎందుకు

పెద్ద మైనస్ పవర్ ఉన్నవాళ్లకు తలనొప్పి ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి మైనస్ ఉన్న కంటికి దూరం మసకేగానీ దగ్గర సులువు. అద్దం లేకుండా బోర్డు చదవాలని కళ్లు చిట్లిస్తే నుదుటి కండరాలు నొస్తాయి, అంతకు మించి మైనస్ పవర్ తలనొప్పి తేవడం అరుదు. తేలిగ్గా దొరికిపోయేదీ అదే, ఎందుకంటే చార్టు చదవలేరు. తలనొప్పి తెచ్చి కూడా చార్టుకు చిక్కనిది చిన్న ప్లస్ పవర్.

కంటిలోని సహజమైన లెన్స్‌ను ఒక చిన్న కండరం పట్టి ఉంటుంది. దగ్గరిది చూడాలంటే ఆ కండరం బిగుసుకుని లెన్స్‌ను ఉబ్బెత్తుగా చేయాలి. ఎంత బిగుసుకోవాలో లెక్క తేలిక: మీటరును దూరంతో భాగించాలి, వచ్చేది డయాప్టర్లలో, అంటే అద్దాల పవర్‌ను చెప్పే కొలతలో. 50 సెంటీమీటర్ల దూరానికి 2 డయాప్టర్లు, 33 సెంటీమీటర్లకు 3, ఫోన్ 25 సెంటీమీటర్లకు వస్తే 4. ప్లస్ పవర్ ఉన్న కంటికి ఈ లెక్కకు తోడు తన పవర్ కూడా అదనం. దూరం చూడటానికే ఆ కండరం ఎంతో కొంత బిగుసుకుని ఉండాలి. వయసులో ఉన్నవాళ్లకు ఆ శక్తి ఉంటుంది కాబట్టి చార్టును చక్కగా చదివేస్తారు. చదవగలిగారు కాబట్టి లోపం లేదనుకుంటారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 36 ఏళ్ల మహిళ, మగ్గం వర్క్ చేస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకు ఆరేడు గంటలు మగ్గం ముందు. మధ్యాహ్నం భోజనం వేళకు నుదురు బరువు, సాయంత్రానికి కణతల దాకా పాకుతుంది. వాంతులు లేవు. ఆదివారం రాదు. ఆషాఢంలో పని తగ్గితే నొప్పీ తగ్గుతుంది. కంటి శిబిరంలో చార్టు మొత్తం చదివారు. మాత్రలు వాడుతున్నారు.

ఆమె కంట్లో ప్లస్ 1.50 పవర్ దాగి ఉందనుకుందాం. బట్ట కంటికి 33 సెంటీమీటర్లలో ఉంటే పనికి 3 డయాప్టర్లు, ఆమె సొంత లోపానికి 1.50, మొత్తం 4.50. ఆ వయసులో కంటికి ఉండే శక్తిని అంచనా వేయడానికి కంటి పరీక్షకులు వాడే పాత సూత్రాలున్నాయి. కనీస శక్తికి 15లోంచి వయసులో నాలుగో వంతు తీసేయాలి, అంటే 6. సగటుకు 18.5లోంచి వయసులో పది శాతాన్ని మూడుతో హెచ్చవేసి తీసేయాలి, అంటే 7.7. చేతకాని పని కాదు, 4.50 ఆమె అందుకోగలరు. కానీ ఏ కండరమూ తన పూర్తి బలంతో గంటల తరబడి పని చేయలేదు. శక్తిలో సగం దాకా వాడితే హాయిగా ఉంటుందన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న కొలత. ఆమెకు సగం అంటే 3 నుంచి 3.85. రోజూ ఆ గీత దాటి పని చేస్తున్నారు. ప్లస్ 1.50 అద్దం ఆ అదనపు భారాన్ని మోస్తే కంటికి 3 మిగులుతుంది, అది గీత లోపలే. ఇరవై ఏళ్లప్పుడు ఆమెకు ఇదే పవర్‌తో ఇదే పనికి నొప్పి ఎందుకు లేదో కూడా ఈ లెక్కలోనే ఉంది: అప్పటి శక్తి కనీసం 10, అందులో సగం 5.

ముప్పై దాటాక "కొత్తగా" మొదలైన సాయంత్రపు తలనొప్పుల్లో కొన్నింటి వెనక ఈ పాత ప్లస్ పవర్ ఉంటుంది. అదే మనిషికి చత్వారం తోటివాళ్ల కంటే ముందే వస్తుంది. 37, 38 ఏళ్లకే సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు వెతుక్కుంటున్నా, ఫోన్‌ను దూరంగా జరిపి చదువుతున్నా గట్టిగా అనుమానించాలి.

దీన్ని పట్టుకోవాలంటే చుక్కలు వేసి చేసే పరీక్ష అవసరం. సైక్లోపెంటొలేట్ లాంటి చుక్కలు ఆ కండరాన్ని కొన్ని గంటలు వదులు చేస్తాయి, అప్పుడు దాగిన పవర్ బయటపడుతుంది. చుక్కలు లేకుండా కంప్యూటర్ యంత్రం ఇచ్చే నెంబరులో, ముఖ్యంగా పిల్లల్లో, యువతలో, ప్లస్ తగ్గి కనిపిస్తుంది. ఒక్కోసారి లేని మైనస్ కూడా చూపిస్తుంది, ఎందుకంటే యంత్రంలోకి చూస్తున్నంతసేపూ కండరం బిగుసుకునే ఉంటుంది. ఆ నెంబరునే అద్దంగా చేయించుకుంటే భారం తగ్గకపోగా పెరుగుతుంది. మైనస్ ఎక్కువైన అద్దానికి ఒక గుర్తుంది: అక్షరాలు చిన్నగా, మరీ నల్లగా, పదునుగా కనిపిస్తాయి. "ఇదే బాగుంది" అని అదే ఎంచుకుంటాం. మంచి పరీక్షకులు అందుకే "ఏది స్పష్టంగా ఉంది" అని మాత్రమే అడిగి ఊరుకోరు, ఒక వరుస అదనంగా చదవగలిగితేనే మైనస్ పెంచుతారు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు లాంటి కార్యక్రమాలు చూపు తగ్గినవాళ్లను ఊరూరా గుర్తించడానికి పెట్టినవి. ఆ పని పెద్దది, అవసరమైనది. అయితే పెద్ద సంఖ్యలో జనాన్ని చూసే ఏ శిబిరమైనా "చూపు ఎంత" అన్న ప్రశ్నకే జవాబిస్తుంది, "ఆ చూపు కోసం కన్ను ఎంత శ్రమ పడుతోంది" అన్నది వేరే ప్రశ్న. శిబిరంలో బాగుందన్న మాట విని, దగ్గర పనితో ముడిపడిన తలనొప్పిని కళ్ల ఖాతాలోంచి కొట్టేయకూడదు.

రెండు కళ్లు కలవకపోతే

పవర్ ఏమీ లేకుండానే కళ్లు తలనొప్పి తెచ్చే దారి ఇంకొకటి ఉంది. దగ్గరిది చదివేటప్పుడు రెండు కళ్లూ ముక్కు వైపు తిరిగి ఒకే అక్షరం మీద కలవాలి. ఆ కలయిక బలహీనంగా ఉంటే చదువుతుండగా అక్షరాలు కదులుతాయి, జంటగా కనిపిస్తాయి, చదివిన వరసే మళ్లీ చదువుతారు, పుస్తకం పట్టగానే నిద్ర ముంచుకొస్తుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో "పుస్తకం తీస్తే చాలు తలనొప్పి" అనేవాళ్లను బద్ధకం అని తిట్టే ముందు దీన్ని చూడాలి. తెలియకుండానే ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, లేదా ఒక వైపు చెంప అరచేతికి ఆన్చి ఆ కన్ను మూసి చదవడం దీని గుర్తుల్లో ఒకటి.

ఇంట్లోనే ఒక మోస్తరుగా తెలుసుకోవచ్చు. అద్దం వాడేవాళ్లు అద్దం పెట్టుకునే చేయాలి. ఒక పెన్ను మొనను కళ్ల మధ్యకు ఎదురుగా, 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని మెల్లగా ముక్కు వైపు తేవాలి. మొన మసకబారడాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, రెండుగా ఎక్కడ విడిపోయిందో చూడాలి. ఎదురుగా ఒకరు కూర్చుని గమనిస్తే మరీ మంచిది: కొందరికి రెండుగా కనిపించదు, ఒక కన్ను ఉన్నట్టుండి బయటికి జారిపోతుంది, అది చూసేవాళ్లకే తెలుస్తుంది. కళ్ల నుంచి 10 సెంటీమీటర్లకంటే దూరంలోనే విడిపోతే అనుమానించాలి. ఒక్కసారితో ఆపకుండా ఐదారు సార్లు చేయాలి. మొదటిసారి 7 దగ్గర విడిపోయింది ఆరోసారికి 14 దగ్గరే విడిపోతుంటే, అలసటతో కూలిపోయే కలయిక అది.

దీనికి తోడుగా ఇంకో పరీక్ష. తలనొప్పి తెచ్చే పనినే ఒక రోజు ఒక కన్ను మెత్తటి గుడ్డతో కప్పుకుని పావుగంట, ఇంకో రోజు రెండో కన్ను కప్పుకుని పావుగంట చేసి చూడాలి. ఏ కన్ను కప్పినా హాయిగా ఉందంటే ఇబ్బంది రెండు కళ్ల పొత్తులో ఉంది. కప్పినా అంతే నొప్పి అంటే దాగిన పవరో, కళ్ల పొడిబారడమో, అసలు కంటికి సంబంధం లేనిదో చూసుకోవాలి. ఈ ఇంటి పరీక్షలు డాక్టరుకు ఏం చెప్పాలో తెలుసుకోవడానికే, రోగం తేల్చడానికి సరిపోవు.

కలయిక బలహీనతకు కళ్లజోడు కంటే వ్యాయామం ముఖ్యం. అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద జరిపి 2008లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, వారానికోసారి క్లినిక్‌లో శిక్షణ, ఇంట్లో సాధన కలిపి 12 వారాలు చేసినవాళ్లలో 73 శాతం మందికి నయమైంది లేదా మెరుగైంది. ఇంట్లో పెన్సిల్‌ను దగ్గరకు తెచ్చుకునే వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లలో అది 43 శాతం, ఉత్తుత్తి శిక్షణ తీసుకున్నవాళ్లలో 35 శాతం. కాబట్టి "రోజూ పెన్సిల్ చూడండి చాలు" అని ఒక్క మాట చెప్పి పంపేస్తే, తగ్గకపోయినప్పుడు ఇంకో దారి ఉందని అడగాలి.

పరీక్షకు వెళ్లినప్పుడు

"తలనొప్పిగా ఉంది, కళ్లు చూడండి" అంటే చార్టు పరీక్షతో సరిపెట్టే అవకాశం ఎక్కువ. "మగ్గం పని మొదలుపెట్టిన రెండు గంటలకు నుదుటి మీద మొదలవుతుంది, సెలవు రోజు రాదు, తలెత్తితే దూరం కాసేపు మసకగా ఉంటుంది" అంటే అదే గదిలో వేరే పరీక్షలు మొదలవుతాయి. పని దూరాన్ని ఇంట్లోనే టేపుతో కొలిచి చెప్పాలి. చుక్కలు వేసి పవర్ చూస్తారా, దగ్గర చూపులో రెండు కళ్ల కలయిక చూస్తారా, కంటి లోపలి నరం చూస్తారా అని అడగడంలో తప్పు లేదు. చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గర మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుతుంది. ఆ రోజు బండి నడపకుండా ఎవరినైనా వెంట తీసుకెళ్లాలి.

కొత్త కళ్లజోడు పెట్టాక తలనొప్పి మొదలైతే అది వేరే కథ. సిలిండర్ పవర్ మారినప్పుడు, మొదటిసారి ప్లస్ పెట్టినప్పుడు కొన్ని రోజులు నేల వాలినట్టు, తల దిమ్ముగా ఉండటం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే జోడును పరీక్షకు తీసుకెళ్లాలి. చీటీలో ఉన్న పవర్, సిలిండర్ కోణం అద్దంలో అలాగే ఉన్నాయా, రెండు కనుపాపల మధ్య దూరానికి అద్దాల కేంద్రాలు సరిపోయాయా, రెండు కేంద్రాలూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడాలి. పవర్ పెద్దదైన కొద్దీ ఈ తేడాలు ఎక్కువ బాధిస్తాయి. వాటిలో ఎత్తు తేడాను కళ్లు చాలా తక్కువే ఓర్చుకుంటాయి. కిందపడి వంగిన ఫ్రేము కూడా ఆ తేడా తెస్తుంది.

కంప్యూటర్ తలనొప్పికి నీలి కాంతిని తగ్గించే బ్లూ కట్ అద్దాలు అడగకుండానే అంటగడుతుంటారు. 17 ప్రయోగాలను కలిపి చూసిన 2023 కోక్రేన్ సమీక్షలో, తక్కువ కాలానికి చూసినంతలో కళ్ల అలసట తగ్గడానికి వీటితో లాభం కనిపించలేదు. తెర ముందు కళ్లు ఆర్పడం తగ్గి మంట పుడుతుంది, తెర దూరం అద్దపు పవర్‌కు సరిపడక శ్రమ కలుగుతుంది. ఆ డబ్బు తెర దూరానికి సరిపడే పవర్ కోసం పెట్టడం మేలు.

అద్దం వచ్చాక ఫలితం తేల్చడానికి మళ్లీ ఆ క్యాలెండరే కావాలి. అద్దానికి ముందు నాలుగు వారాల్లో ఎన్ని నొప్పి రోజులు, తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో ఎన్ని. మొదటి వారం బాగుందని నిర్ణయించకూడదు. మైగ్రేన్ దానంతటదే కొన్ని వారాలు తెరిపి ఇస్తుంది, ఆ పేరు కళ్లజోడుకు పోతుంది. ఒకే మనిషికి రెండూ ఉండటం కూడా మామూలే. సాయంత్రపు నుదుటి బరువు పోయి, నెలకు రెండుసార్లు వాంతులతో వచ్చేది మిగిలితే అద్దం తన పని చేసింది. మిగిలినదాన్ని మైగ్రేన్‌గా చూపించుకోవాలి, పవర్ మళ్లీ మళ్లీ మార్పించుకుంటే పోదు. పిల్లల్లో ఈ పొరపాటు ఇంకా ఎక్కువ. వాళ్ల మైగ్రేన్ తరచూ రెండు వైపులా ఉంటుంది, రెండు గంటల్లోనే ముగియవచ్చు, నిద్రపోయి లేస్తే ఆడుకుంటారు. బడి నుంచి రాగానే తలనొప్పి, ఒక వాంతి, నిద్ర అనే వరుస కనిపిస్తే కళ్లు చూపించాక కూడా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మైగ్రేన్‌లా కనిపించే ప్రమాదం

రెటీనా సంగతి తప్పిస్తే ఇంతవరకూ చెప్పినవాటికి తొందర లేదు. ఒకటి మాత్రం గంటల్లో చూపు తీసేయగలదు, పైకి అచ్చం మైగ్రేన్‌లా ఉంటుంది. అది కంటిలోని నీరు బయటికి పోయే మూల ఉన్నట్టుండి మూసుకుపోయే రకం గ్లకోమా, నీటికాసులు. ఒక వైపు కనుబొమ మీద భరించలేని నొప్పి, వాంతులు, చూపు మసక, ఎర్రటి కన్ను. బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. వాంతులు చూసి కడుపుకు మందిచ్చి, తలనొప్పి చూసి ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తే విలువైన సమయం పోతుంది.

దీనికి చిన్న దాడులూ ఉంటాయి, మోసం చేసేవి అవే. సాయంత్రం మసక వెలుతురులోనో సినిమా హాల్లోనో కనుపాప పెద్దదై ఆ మూల ఇరుకవుతుంది. ఒక కంటి చుట్టూ నొప్పి, దీపాల చుట్టూ వలయాలు, కాస్త మసక. పడుకుంటే కనుపాప చిన్నదై దారి తెరుచుకుంటుంది, పొద్దునకు అంతా మామూలు. "నిద్రపోతే తగ్గే ఒక వైపు నొప్పి" అన్న మాట విన్న ఎవరికైనా మైగ్రేనే గుర్తొస్తుంది. 40 దాటాక మొదటిసారి ఇలాంటిది మొదలైతే, ముఖ్యంగా ప్లస్ పవర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, కంటి ఒత్తిడి ఒక్కటే కొలిపించుకుంటే చాలదు. దాడుల మధ్య ఒత్తిడి మామూలుగా ఉండవచ్చు. ఆ మూల ఎంత తెరిచి ఉందో చూసే గోనియోస్కోపీ చేయించాలి. ఇరుకుగా ఉందని తేలితే లేజర్‌తో చిన్న రంధ్రం చేసి రాబోయే దాడిని తప్పించవచ్చు.

తలనొప్పికి ఇచ్చే మందులకూ దీనికీ ఉన్న సంబంధం తెలిసి ఉండాలి. టెన్షన్ తలనొప్పికీ మైగ్రేన్‌కూ తరచూ రాసే అమిట్రిప్టిలిన్ కనుపాపను పెద్దది చేస్తుంది, మూల ముందే ఇరుకుగా ఉన్న కంట్లో దాడి తేగలదు. మైగ్రేన్ రాకుండా వాడే టోపిరమేట్ అరుదుగా, ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లో, రెండు కళ్లలోనూ ఆ మూలను మూసేయగలదు. అప్పటిదాకా దూరం బాగా కనిపించిన మనిషికి హఠాత్తుగా మసకబారుతుంది. దాన్ని సైట్ అనుకుని మైనస్ అద్దం చేయించుకోకుండా, మందు రాసిన డాక్టరుకు ఆ రోజే చెప్పి కంటి ఆస్పత్రికి వెళ్లాలి.

మరికొన్నింటికి కళ్లద్దాల షాపు దాకా కూడా వెళ్లకూడదు. వంగి లేచినప్పుడు చూపు కొన్ని సెకన్లు నల్లబడి రావడం, చెవిలో నాడితో పాటు హోరు, తలనొప్పితో కొత్తగా ఒకటి రెండుగా కనిపించడం, ఇవి తల లోపలి ఒత్తిడి పెరిగిందనడానికి గుర్తులు. కంటి లోపలి నరం వాపు చూసి కంటి డాక్టరే దీన్ని ముందు పట్టుకోగలరు. కన్ను కదిపితే నొప్పి, ఆ కంటికి ఎరుపు రంగు వెలిసినట్టు కనిపించడం కంటి నరం వాపు కావచ్చు. 50 దాటినవాళ్లకు కొత్త తలనొప్పితో పాటు నములుతుంటే దవడ నొప్పి, దువ్వుకుంటే మాడు నొప్పి ఉంటే రక్తనాళాల వాపును అనుమానించి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ఒక రెప్ప వాలిపోయి ఆ కంటి పాప పెద్దదైనా, జీవితంలో ఎన్నడూ లేనంత నొప్పి క్షణాల్లో విరుచుకుపడినా, తలనొప్పితో మాట తడబడినా అది కంటి ఆస్పత్రి పని కాదు. స్కానింగ్, న్యూరాలజిస్టు రెండూ ఉన్న పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి, లేదా 108కి ఫోన్ చేయాలి.